పేగు, గర్భసంచి క్యాన్సర్లు ఒకే కుటుంబంలో కనిపిస్తే: గడ్డ పరీక్షతో మొదలుపెట్టి కుటుంబ పరీక్షల దాకా ఎలా వెళ్లాలి

నల్గొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ వైపు నుంచి వచ్చే కుటుంబాలు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఒకటుంది: "మా నాయనకు పెద్దపేగు క్యాన్సర్ వచ్చింది, ఇప్పుడు అక్కకు గర్భసంచి క్యాన్సర్ అన్నారు. మాకూ వస్తుందా? తెలుసుకోవడానికి రక్తపరీక్ష ఏమైనా ఉందా?" రక్తపరీక్ష ఉంది. కానీ అది ఆరోగ్యంగా ఉన్న మీ నుంచి మొదలైతే చాలాసార్లు డబ్బు ఖర్చయి, జవాబు మాత్రం దొరకదు. ముందు పరీక్షించవలసింది జబ్బుపడిన మనిషి శరీరం నుంచి తీసిన గడ్డను. ఆ గడ్డ ఇచ్చే జవాబును బట్టి ఆ మనిషి రక్తం, ఆ రక్తంలో దొరికినదాన్ని బట్టి మిగతా కుటుంబం. ఈ వరుస తప్పకుండా ఎలా నడవాలో కింద రాస్తున్నాను.

తెలుసుకోవలసిన నేపథ్యం కొంచెమే. కణం రెండుగా చీలేటప్పుడు డీఎన్ఏ ప్రతిలో దొర్లే తప్పులను వెతికి దిద్దే పనిని ప్రధానంగా నాలుగు జన్యువులు చూస్తాయి: MLH1, MSH2, MSH6, PMS2. వీటిలో ఒకదాని ప్రతి తల్లి నుంచో తండ్రి నుంచో లోపంతో వస్తే దాన్ని లించ్ సిండ్రోమ్ అంటారు. దిద్దుబాటు ఆగిన కణంలో తప్పులు పేరుకుపోయి, ముఖ్యంగా పెద్దపేగులోనూ గర్భసంచి లోపలి పొరలోనూ, చిన్న వయసులోనే క్యాన్సర్ రావచ్చు. సుమారు 300 మందిలో ఒకరికి ఈ లోపం ఉంటుందని అంచనా. లోపం ఉన్నవారి పిల్లల్లో ఒక్కొక్కరికి, ఆడైనా మగైనా, అది సంక్రమించే అవకాశం సగానికి సగం.

కావలసినవి

- క్యాన్సర్ వచ్చిన బంధువు బయాప్సీ లేదా ఆపరేషన్ రిపోర్టు, దాని మీద ఉన్న బయాప్సీ నంబరు.
- ఆ గడ్డ ముక్కను మైనంలో పోసి భద్రపరిచిన దిమ్మె. ఆసుపత్రుల్లో దీన్ని 'బ్లాక్' అనే అంటారు, మీరూ అలాగే అడగండి.
- మూడు తరాల కుటుంబ వివరాలు రాసుకోవడానికి ఒక కాగితం, వాటిని గుర్తు చేసి చెప్పగల పెద్ద మనిషి ఒకరు.
- జన్యు సలహా ఇచ్చే వైద్యులు. హైదరాబాద్ నిమ్స్‌లో ఇందుకు మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది. చికిత్స చేస్తున్న క్యాన్సర్ డాక్టరు నుంచి రెఫరల్ చీటీ తీసుకుని వెళ్లడం మేలు.

1. కుటుంబ చిత్రాన్ని రాయండి

తాతలు, నాయనమ్మ, అమ్మమ్మ, వారి సంతానం, వారి పిల్లలు, ఇలా మూడు తరాలు గీయండి. ఒక్కొక్కరి పక్కన ఏ క్యాన్సర్, ఏ వయసులో అని రాయండి. పెద్దపేగు, గర్భసంచి మాత్రమే కాదు, అండాశయం, జీర్ణాశయం, మూత్రనాళం, చిన్నపేగు క్యాన్సర్లు కూడా రాయండి.

మన ప్రాంతంలో ఈ చిత్రం రెండు చోట్ల మోసం చేస్తుంది. మొదటిది మొలలు. మలంలో రక్తం పడుతుంటే మొలలని ఏళ్ల తరబడి మందు వాడి, చివరికి 'కడుపులో గడ్డ' అని తెలిసి చనిపోయినవారు ఎన్నో ఇళ్లలో ఉంటారు. "క్యాన్సర్ ఎవరికైనా వచ్చిందా?" అని అడిగితే లేదనే చెబుతారు. కాబట్టి "యాభై ఏళ్లలోపు ఎవరు పోయారు, ఎలా పోయారు?" అని అడగండి. రెండోది ముందే తీసేసిన గర్భసంచి. దేశంలో గర్భసంచి తొలగింపు ఆపరేషన్లు ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. ముప్పై ఏళ్లకే గర్భసంచి తీయించుకున్న మేనత్తకు ఆ క్యాన్సర్ రాకపోవడం, ఆమెకు లోపం లేదనడానికి సాక్ష్యం కాదు. ఆమె పేరు పక్కన 'ఫలానా వయసులో గర్భసంచి తీశారు' అని తప్పక రాయండి.

కుటుంబంలో ఇంకెవరికీ క్యాన్సర్ లేదని తేలినా రెండో మెట్టు మానకండి. పెద్దపేగు క్యాన్సర్, గర్భసంచి లోపలి పొర క్యాన్సర్ వచ్చిన ప్రతి ఒక్కరి గడ్డకూ ఈ పరీక్ష చేయాలన్నది నేటి వైద్య ప్రమాణం. చిన్న కుటుంబాల్లో చరిత్ర కనిపించకపోవచ్చు.

2. బ్లాక్ సంపాదించి గడ్డకు ఐహెచ్‌సి పరీక్ష చేయించండి

ఆపరేషన్ లేదా బయాప్సీ జరిగిన ఆసుపత్రి పాథాలజీ విభాగానికి వెళ్లి, బయాప్సీ నంబరు చూపించి, బ్లాక్ కావాలని రాతపూర్వకంగా అడగండి. అక్కడే ఈ పరీక్ష చేస్తారేమో ముందు కనుక్కోండి, అలా అయితే బ్లాక్ కదిలించే పనే ఉండదు. ఐహెచ్‌సి అంటే గడ్డ ముక్కకు రంగు పట్టించి, పైన చెప్పిన నాలుగు జన్యువులు తయారుచేసే ప్రోటీన్లు అందులో ఉన్నాయో లేదో చూడడం. అడగవలసిన మాట ఇది: "మిస్‌మ్యాచ్ రిపేర్ ఐహెచ్‌సి, నాలుగు ప్రోటీన్లు." కొన్నిచోట్ల దీనికి బదులుగా, గడ్డ డీఎన్ఏలో దిద్దని తప్పులు పేరుకున్నాయేమో చూసే ఎంఎస్ఐ పరీక్ష చేస్తారు. అదీ పనికొస్తుంది కానీ ఏ జన్యువును అనుమానించాలో చెప్పదు. అందుకే వీలుంటే ఐహెచ్‌సి.

బ్లాక్‌ను హైదరాబాద్‌కు మీరే తీసుకెళ్తుంటే ఎండ విషయంలో జాగ్రత్త. అది మైనం. నల్గొండ ఎండాకాలంలో మూసి నిలిపిన కారు డ్యాష్‌బోర్డు మీదనో, బండి డిక్కీలోనో పెడితే మెత్తబడి రూపు చెడుతుంది. చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి చేతి సంచిలో ఉంచుకోండి. ఫ్రిజ్, ఐసు అవసరం లేదు.

పురీషనాళ క్యాన్సర్‌కు ఆపరేషన్‌కు ముందే రేడియేషన్, కీమో ఇచ్చి ఉంటే ఆ తర్వాత తీసిన గడ్డలో, ముఖ్యంగా MSH6 రంగు, తగ్గి కనిపించవచ్చు. అలాంటప్పుడు చికిత్సకు ముందు తీసిన మొదటి బయాప్సీ బ్లాక్ ఇవ్వండి.

మనిషి చనిపోయి ఉన్నా ఈ మెట్టు మూసుకుపోదు. చాలా ప్రయోగశాలలు బ్లాకులను ఏళ్ల తరబడి దాస్తాయి, పాత బ్లాక్‌కు కూడా ఐహెచ్‌సి చేయవచ్చు.

3. రిపోర్టు సరిగా చదవండి

ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. కొన్ని రిపోర్టుల్లో ప్రోటీన్ పేరు పక్కన 'పాజిటివ్', 'నెగటివ్' అని ఉంటుంది. మనకు పాజిటివ్ అంటే జబ్బు ఉందని అలవాటు. ఈ పరీక్షలో అర్థం తిరగబడుతుంది: పాజిటివ్ అంటే ప్రోటీన్ ఉంది, అంటే మామూలు స్థితి. నెగటివ్ లేదా 'లాస్' అంటే ఆ ప్రోటీన్ గడ్డలో పోయింది, అంటే అనుమానించాలి. "నాలుగూ పాజిటివ్ వచ్చాయి" అని ఏడ్చినవారు ఉన్నారు, "రెండు నెగటివ్, దేవుడి దయ" అని రిపోర్టు బీరువాలో పెట్టినవారూ ఉన్నారు. రెండోది ప్రాణం మీదికి వస్తుంది.

ఈ ప్రోటీన్లు జంటలుగా పనిచేస్తాయి కాబట్టి తరచూ జంటలుగానే పోతాయి. దేన్ని బట్టి ఎటు వెళ్లాలో ఇలా ఉంటుంది:

- నాలుగూ ఉన్నాయి: లించ్ అవకాశం బాగా తగ్గుతుంది. కుటుంబ చరిత్ర బలంగా ఉంటే మాత్రం జన్యు వైద్యులను కలవడం మానవద్దు.
- MSH2, MSH6 రెండూ పోయాయి, లేదా MSH6 ఒక్కటే పోయింది, లేదా PMS2 ఒక్కటే పోయింది: లించ్ అనుమానం బలమైనది. నేరుగా 5వ మెట్టుకు.
- MLH1, PMS2 రెండూ పోయాయి: 4వ మెట్టు చూడకుండా ఏ నిర్ణయానికీ రావద్దు.

పరీక్ష సవ్యంగా జరిగిందో లేదో తెలుసుకునే గుర్తు ఒకటుంది. గడ్డ పక్కనే ఉన్న మామూలు కణాలు, రక్తంలోని లింఫోసైట్లు వంటివి, రంగు పట్టి ఉండాలి. వాటిని రిపోర్టులో 'ఇంటర్నల్ కంట్రోల్' అంటారు. అవి కూడా రంగు పట్టకపోతే ప్రోటీన్ పోలేదు, పరీక్షే విఫలమైంది. ఆ వాక్యం రిపోర్టులో లేకపోతే పాథాలజిస్టును అడగడానికి సంకోచించకండి.

ఈ ఫలితం రోగి చికిత్సకూ అవసరమే. ప్రోటీన్ పోయిన గడ్డల్లో కొన్ని దశలకు, శరీర రక్షణ వ్యవస్థను క్యాన్సర్ మీదికి నడిపే ఇమ్యునోథెరపీ బాగా పనిచేస్తుంది. అందుచేత రిపోర్టు ముందుగా చికిత్స చేస్తున్న డాక్టరు చేతికి వెళ్లాలి.

4. MLH1 పోయినప్పుడు మాత్రమే: వంశపారంపర్యమా, వయసుతో వచ్చిందా

MLH1 పోయిన గడ్డల్లో ఎక్కువ భాగం వారసత్వంతో సంబంధం లేనివి. వయసు మీద పడ్డాక ఆ కణంలో మాత్రమే MLH1 జన్యువు మీద మిథైల్ అనే రసాయన ముద్ర పడి అది మూతపడుతుంది. పెద్దపేగు గడ్డ అయితే, BRAF అనే మరో జన్యువులో V600E అనే మార్పు ఉందేమో చూసే పరీక్ష చేయించండి. అది కనబడితే లించ్ దాదాపు కాదనుకోవచ్చు. గర్భసంచి గడ్డకు BRAF పనికిరాదు, ఎందుకంటే ఆ మార్పు అక్కడ బహు అరుదు. దానికి 'MLH1 ప్రమోటర్ మిథైలేషన్' పరీక్షే అడగాలి. పేగు గడ్డలో BRAF మార్పు లేకపోయినా తర్వాత చేయవలసింది ఇదే. మిథైలేషన్ లేకపోతే 5వ మెట్టుకు వెళ్లండి. మిథైలేషన్ ఉన్నా రోగి వయసు యాభైకి బాగా తక్కువైతే జన్యు వైద్యుల మాట తీసుకోండి.

5. జబ్బుపడిన మనిషి రక్తపరీక్ష

ఇప్పుడు రక్తం. ఊదారంగు మూత ఉన్న గొట్టంలో కొన్ని మిల్లీలీటర్లు చాలు. పరీక్ష రాసేటప్పుడు మూడు విషయాలు అడిగి నిర్ధారించుకోండి: నాలుగు జన్యువులతో పాటు EPCAM ఉందా, జన్యువులో పెద్ద ముక్క ఎగిరిపోవడాన్ని కూడా పట్టగలరా, PMS2 అనుమానం ఉంటే దానికి ప్రత్యేక పద్ధతి వాడతారా. EPCAM చివరి భాగం పోతే దాని పక్కనే ఉన్న MSH2 మూతపడుతుంది. PMS2కు డీఎన్ఏలో అచ్చం దానిలాగే ఉండే పనికిరాని నకళ్లు ఉన్నాయి, మామూలు పరీక్ష వాటిని చూసి పొరబడవచ్చు.

జవాబు మూడు రకాలుగా వస్తుంది.

'పాథోజెనిక్' లేదా 'లైక్లీ పాథోజెనిక్' అంటే లోపం దొరికింది. కుటుంబ పరీక్షకు తలుపు తెరుచుకుంది.

'వీయూఎస్' అంటే మార్పు కనిపించింది కానీ హాని చేస్తుందో లేదో ఇంకా తేలలేదు. దీన్ని ఆధారం చేసుకుని బంధువుల్లో ఎవరికీ 'నీకు ఉంది, నీకు లేదు' అని చెప్పకూడదు, ఎవరి గర్భసంచీ తీయించకూడదు. ఇది చాలా చోట్ల జరుగుతున్న పొరపాటు. ఒకటి రెండేళ్లకోసారి ఆ మార్పు వర్గం మారిందేమో ప్రయోగశాలను అడగాలి.

'ఏమీ దొరకలేదు' అంటే కూడా కథ ముగిసినట్టు కాదు. గడ్డలో ప్రోటీన్ పోయి రక్తంలో లోపం లేకపోతే, ఆ గడ్డలోనే జన్యువు రెండు ప్రతులూ చెడి ఉండవచ్చు. గడ్డ డీఎన్ఏను పరీక్షిస్తే అది తేలుతుంది. తేలేదాకా దగ్గరి బంధువులకు కుటుంబ చరిత్రను బట్టి డాక్టరు చెప్పిన విరామంలో కొలనోస్కోపీ, అంటే కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష, కొనసాగించాలి.

ప్రత్యామ్నాయం: జబ్బుపడినవారు లేకపోయి, బ్లాక్ కూడా దొరకకపోతే, అప్పుడు మాత్రమే ఆరోగ్యంగా ఉన్న దగ్గరి బంధువుకు పూర్తి పరీక్ష చేస్తారు. అందులో లోపం దొరికితే మేలే. దొరకకపోతే మాత్రం "మాకు లేదు" అనుకోవద్దు, కుటుంబంలో ఏం వెతకాలో తెలియకుండా వెతికిన ఫలితం అది.

6. కుటుంబంలో ఎవరిని, ఏ వరుసలో

దీన్ని ఒక ఉదాహరణతో చెబుతాను. దేవరకొండ వైపు ఒక కుటుంబం అనుకోండి. 46 ఏళ్ల ఇల్లాలికి నెలసరి కాని రోజుల్లో రక్తస్రావం, గర్భసంచి లోపలి పొర క్యాన్సర్, ఆపరేషన్. గడ్డలో MSH2, MSH6 లేవు, MLH1, PMS2 ఉన్నాయి. తండ్రి 49 ఏళ్లకు పోయాడు, మొలలని మందు వాడాక పెద్దపేగు గడ్డ అని తెలిసింది. మేనత్తకు 32 ఏళ్లకే గర్భసంచి తీశారు. MLH1 పోలేదు కాబట్టి 4వ మెట్టు అవసరం లేదు. రక్తపరీక్షలో MSH2లో ఈ మార్పు దొరికింది, రిపోర్టులో ఇలా ఉంటుంది:

```
MSH2  c.942+3A>T  heterozygous  Pathogenic
```

ఇక బంధువులకు పూర్తి పరీక్ష అక్కర్లేదు, ఈ ఒక్క అక్షరం మార్పును చూస్తే చాలు. ఖర్చు తగ్గుతుంది, జవాబు ఉందో లేదో అని స్పష్టంగా వస్తుంది. అయితే ఆ వరుసను చేత్తో తిరగరాయవద్దు, చుక్క, ప్లస్ గుర్తు ఒకటి పోయినా వేరే చోటు వెతుకుతారు. అసలు రిపోర్టు నకలే ఇవ్వండి.

ముందు తోబుట్టువులు, 18 దాటిన పిల్లలు. తమ్ముడికి 42 ఏళ్లు, లోపం ఉందని వచ్చింది. వెంటనే కొలనోస్కోపీ చేస్తే కుడివైపు పెద్దపేగులో పాలిప్ అనే చిన్న కండ ఒకటి కనిపించింది, అక్కడికక్కడే తీసేశారు. చెల్లెలికి 38, లోపం లేదు. ఆమె ఊళ్లో అందరిలాంటిదే, ఆమె నుంచి ఆమె పిల్లలకు ఇది రాదు. కూతురికి 24, పరీక్ష చేయించుకోవచ్చు. కొడుకుకు 17, పెద్దవాడయ్యాక తానే నిర్ణయించుకుంటాడు, ఈ వయసులో ఫలితం తెలిసినా చేయవలసిందేమీ లేదు.

తర్వాత మేనత్త. ఇక్కడ రెండు అపోహలు అడ్డొస్తాయి. "పెళ్లయి వెళ్లిపోయింది, మా ఇంటిపేరు కాదు" అన్నది ఒకటి, "గర్భసంచి జబ్బు తల్లి వైపు నుంచే వస్తుంది" అన్నది ఇంకొకటి. గర్భసంచి లేని తండ్రి కూడా కూతురికి ఈ లోపాన్ని ఇస్తాడు. మేనత్తకు లోపం లేదని తేలితే ఆమె సంతానంలో ఎవరికీ పరీక్ష అక్కర్లేదు. ఉంటే వారందరికీ కావాలి. గర్భసంచి పోయినా ఆమె పేగు ఉంది కదా, ఆమెకూ కొలనోస్కోపీ కావాలి.

ఫోన్లో చెబితే మాట మారిపోతుంది. ఇలాంటి చీటీ రాసి, రిపోర్టు నకలుతో పంపండి: "అత్తమ్మా, నాకు వచ్చిన క్యాన్సర్ వెనుక MSH2 అనే జన్యువులో లోపం ఉందని తేలింది. ఇది నాయన వైపు నుంచి వచ్చి ఉండవచ్చు. నీకూ ఉండే అవకాశం ఉంది. ఉందని ముందే తెలిస్తే క్యాన్సర్ రాకముందే ఆపే వీలుంది. ఈ కాగితాలు తీసుకుని జన్యు డాక్టరును కలువు, నేనూ తోడు వస్తాను." పెళ్లి సంబంధాలు చెడతాయన్న భయంతో ఈ చీటీ ఆపేసే ఇళ్లు ఉంటాయి. ఆ భయం నిజమైనదే. రిపోర్టు అందరికీ చూపనవసరం లేదు, రక్తసంబంధీకులకు ఒక్కొక్కరికి విడిగా చెప్పండి.

7. లోపం ఉన్నవారు చేయవలసినవి

కొలనోస్కోపీ: MLH1, MSH2 అయితే 25 ఏళ్ల నుంచి, MSH6, PMS2 అయితే సాధారణంగా 30 నుంచి 35 మధ్య మొదలుపెట్టి, ఒకటి రెండేళ్లకోసారి. ఇంట్లో ఎవరికైనా అంతకంటే చిన్న వయసులో వచ్చి ఉంటే ఇంకా ముందే. MSH6, PMS2 వారికి డాక్టరు కొంచెం ఎక్కువ విరామం చెప్పవచ్చు. మలంలో రక్తపరీక్ష, కడుపు స్కానింగ్ దీనికి ప్రత్యామ్నాయాలు కావు.

కొలనోస్కోపీ సరిగా జరిగిందో లేదో మీరే చూసుకోవచ్చు. ముందురోజు మందు నీళ్లు తాగాక చివరి విరేచనం లేత పసుపు నీళ్లలా ఉండాలి, మడ్డిగా ఉంటే నర్సుకు చెప్పండి. రిపోర్టులో 'సీకం', అంటే పెద్దపేగు మొదలు, దాకా వెళ్లినట్టు రాసి, ఫోటో ఉండాలి. పేగు శుభ్రతకు BBPS అనే మార్కు 9కి కనీసం 6 ఉండి, మూడు భాగాల్లో ఏదీ 2కు తగ్గకూడదు. తగ్గితే ఆ పరీక్షను లెక్కలోకి తీసుకోవద్దు, త్వరగా మళ్లీ చేయించాలి. లించ్‌లో చిన్న పాలిప్ క్యాన్సర్‌గా మారడానికి పట్టే కాలం మామూలు కంటే తక్కువ.

గర్భసంచి: MSH2 ఉన్న స్త్రీలలో 75 ఏళ్లలోపు గర్భసంచి క్యాన్సర్ వచ్చే అవకాశం సగానికి దగ్గరగా ఉంటుంది. PMS2లో బాగా తక్కువ. స్కానింగుతో ముందే పట్టుకోగలమన్న ఆధారం బలంగా లేదు. అందుకే పిల్లలు చాలనుకున్నాక, MLH1, MSH2 వారికి 35, 40 ఏళ్ల ప్రాంతంలో గర్భసంచి, అండాశయాలు తీయించుకోవడం గురించి డాక్టరుతో మాట్లాడాలి. అండాశయాలు ముందే తీస్తే ఎముకలు, గుండె కోసం హార్మోన్ మాత్రలు కావాలి, ఆ మాట ఆపరేషన్‌కు ముందే తేల్చుకోండి. తీసిన గర్భసంచిని బయాప్సీకి పంపించారో లేదో అడగండి. ఈలోగా నెలసరి కాని రక్తస్రావం ఏ వయసులోనైనా కనిపిస్తే వారంలోపు చూపించుకోవాలి.

యాస్పిరిన్: CAPP2 అనే పరిశోధనలో రోజుకు 600 మిల్లీగ్రాములు కనీసం రెండేళ్లు వాడిన లించ్ వారిలో కొన్నేళ్ల తర్వాత పేగు క్యాన్సర్లు తగ్గాయి. అల్సరు, రక్తస్రావం ముప్పు ఉంటుంది కాబట్టి మోతాదు డాక్టరే చెప్పాలి, మెడికల్ షాపులో కొని మొదలుపెట్టవద్దు.

8. మేనరికం ఉంటే ఒక అదనపు పరీక్ష

పై ఉదాహరణలో కూతురికి మేనత్త మనవడితో సంబంధం మాట్లాడుతున్నారనుకోండి. ఇద్దరికీ అదే లోపం ఉంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు రెండు వైపుల నుంచీ లోపమే వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. అలాంటి పిల్లలకు దిద్దుబాటు పూర్తిగా ఉండదు. చిన్నతనంలోనే మెదడు గడ్డలు, రక్త క్యాన్సర్, పేగు క్యాన్సర్ రావచ్చు. చర్మం మీద పాలు కలిపిన కాఫీ రంగు మచ్చలు కనిపించవచ్చు. కాబట్టి పెళ్లికి ముందే ఇద్దరికీ ఆ ఒక్క మార్పు పరీక్ష చేయించాలి. ఒకరికైనా లేదని తేలితే ఈ ముప్పు లేదు. పెళ్లి అయిపోయి ఉంటే గర్భం రాకముందు జన్యు వైద్యులను కలవాలి. పిల్లలు పుట్టి ఉండి, పై మచ్చలు గానీ చిన్న వయసు క్యాన్సర్ గానీ కనిపిస్తే, 18 దాకా ఆగాలన్న నియమం వారికి వర్తించదు, వెంటనే చూపించాలి.